కాంటిలీవర్‌పై యూడీఎల్: రెండు ఫార్ములాలతో డిఫ్లెక్షన్ లెక్కలు చేసిన తీరు

గేట్‌కీ, ఏఈఈ పరీక్షకీ కలిపి చదువుతున్న సివిల్, మెకానికల్ వాళ్ల కోసం రాస్తున్నాను. అశోక్‌నగర్‌లో రూమ్, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీ: నా ప్రిపరేషన్ అంతా అక్కడే సాగింది. డిఫ్లెక్షన్ చాప్టర్‌లో చాలామంది ఫార్ములాల పట్టిక మొత్తం బట్టీ పడుతుంటారు. నేను కాంటిలీవర్ యూడీఎల్‌కి రెండే గుర్తుపెట్టుకున్నాను. ఫ్రీ ఎండ్ దగ్గర స్లోప్ wL³/6EI, డిఫ్లెక్షన్ wL⁴/8EI. మిగతావన్నీ వీటిలోంచే వస్తాయి.

ముందు ఈ రెండూ ఎక్కడినుంచి వచ్చాయో ఒకసారి చేతితో రాసి చూడండి. xని ఫ్రీ ఎండ్ నుంచి కొలిస్తే బెండింగ్ మూమెంట్ తేలిగ్గా వస్తుంది. yని పైకి పాజిటివ్‌గా తీసుకుందాం.

EI y″ = −wx²/2
EI y′ = −wx³/6 + C₁
EI y = −wx⁴/24 + C₁x + C₂

ఇక్కడే జాగ్రత్త. x = 0 దగ్గర C₁, C₂ సున్నా అని రాసేసేవాళ్లు చాలామంది ఉంటారు. కానీ x = 0 అంటే ఫ్రీ ఎండ్, అది వంగుతుంది, కిందికి దిగుతుంది. స్లోప్, డిఫ్లెక్షన్ రెండూ సున్నా అయ్యేది గోడ దగ్గర, అంటే x = L దగ్గర. అలా పెడితే C₁ = wL³/6, C₂ = −wL⁴/8 వస్తాయి. మన రెండు ఫార్ములాలూ ఈ కాన్‌స్టంట్లలోనే ఉన్నాయి, EIతో భాగిస్తే చాలు. కాన్‌స్టంట్లు సున్నా పెట్టినవాళ్లకు wL⁴/24EI వస్తుంది, అసలు జవాబులో మూడో వంతు. ఆప్షన్లలో ఆ విలువ కనిపిస్తే అది ఎవరి కోసం పెట్టారో అర్థమైపోతుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన లెక్క. బీమ్ పొడవు 4 మీ., E = 200 GPa, I = 4 × 10⁷ mm⁴. రెంటినీ గుణించి, 10⁶తో భాగిస్తే EI = 8000 kN·m². ఈ ఒక్క మార్పు మొదట్లోనే చేసుకుంటే తర్వాత యూనిట్ల టెన్షన్ ఉండదు. లోడ్ 6 kN/m, కానీ గోడ వైపు 2 మీటర్ల మీదే ఉంది. ఫ్రీ ఎండ్ ఎంత దిగుతుంది?

లోడ్ ఉన్న 2 మీటర్లను విడి కాంటిలీవర్‌గా చూడండి. దాని చివర డిఫ్లెక్షన్ 6 × 2⁴/(8 × 8000) = 1.5 మి.మీ. అక్కడ స్లోప్ 6 × 2³/(6 × 8000) = 0.001 రేడియన్. ఆ తర్వాతి 2 మీటర్ల మీద లోడ్ లేదు, మూమెంట్ లేదు, కాబట్టి ఆ ముక్క వంగదు. కానీ అదే వాలులో తిన్నగా కిందికి సాగుతుంది. అందువల్ల ఇంకో 0.001 × 2000 = 2 మి.మీ. కలుస్తుంది. మొత్తం 3.5 మి.మీ. ఈ రెండో భాగాన్ని వదిలేసి 1.5 దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

అదే లోడ్ బయటి సగం మీద ఉంటే? కొత్తగా ఇంటిగ్రేట్ చేయనక్కర్లేదు. బీమ్ మొత్తం మీద లోడ్ ఉందనుకుంటే 6 × 4⁴/(8 × 8000) = 24 మి.మీ. గోడ వైపు సగం మీద అంతే లోడ్ పైకి తోస్తోందనుకుని 3.5 తీసేయండి. 20.5 మి.మీ. మిగిలింది. రెండు సందర్భాల్లోనూ లోడ్ 12 kNనే, కానీ చోటు మారితే దాదాపు ఆరు రెట్లు తేడా. సూపర్‌పొజిషన్ నాకు నిజంగా నచ్చింది ఈ లెక్క చేసినప్పుడే. మెటీరియల్ ఎలాస్టిక్ హద్దులో ఉండి, డిఫ్లెక్షన్లు చిన్నవైనంత వరకే ఇలా కూడటం, తీసేయడం చెల్లుతుంది.

ఒక షార్ట్‌కట్ మాత్రం వాడకండి. యూడీఎల్ బదులు దాని మొత్తాన్ని మధ్యలో పాయింట్ లోడ్‌గా పెట్టడం రియాక్షన్లకు సరిపోతుంది, డిఫ్లెక్షన్‌కి సరిపోదు. పై బీమ్ మొత్తం మీద లోడ్ ఉన్నప్పుడు 24 kNని 2 మీ. దగ్గర పెట్టి చూస్తే 8 + 12 = 20 మి.మీ. వస్తుంది, అసలు విలువ 24. లోడ్ గోడకు దూరమయ్యేకొద్దీ దాని ప్రభావం సమానంగా కాక అంతకంతకూ పెరుగుతుంది. అందుకే బయటి సగం చేసే అదనపు పనిని మధ్యలో పెట్టిన లోడ్ చూపించలేదు.

ప్రాప్డ్ కాంటిలీవర్ వచ్చినా ఇదే దారి. ఫ్రీ ఎండ్ కింద దిగని సపోర్ట్ పెడితే, లోడ్ దించిన 24 మి.మీ.ని ఆ రియాక్షన్ తిరిగి పైకి లేపాలి. RL³/3EI = wL⁴/8EI అని రాస్తే R = 3wL/8, మన బీమ్‌కి 9 kN. సపోర్ట్ 8 మి.మీ. కుంగిందని ప్రశ్నలో ఇస్తే, అది లేపాల్సింది 16 మి.మీ. మాత్రమే, R 6 kNకి తగ్గుతుంది.