తేడా ఎప్పుడూ ఒకవైపే వస్తుంటే

మతిమరుపు జబ్బు వచ్చిందేమోనని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు నాకు 36 ఏళ్లు. ఆయన గది బయట కూర్చున్నవాళ్లలో నేనే చిన్నదాన్ని. పక్క కుర్చీలో ఒక పెద్దాయన, ఆయన చొక్కా గుండీలు సరిచేస్తూ కూతురు. నాతో ఎవరూ రాలేదు. చెప్పాల్సినవి మర్చిపోతానని ఒక పాత ఓచర్ వెనకాల రాసుకుని వెళ్లాను.

నేను కాకినాడలో ఒక సహకార బ్యాంకులో క్యాషియర్ని. డాక్టరు గారు ముందు థైరాయిడ్, బి12 పరీక్షలు రాశారు. రెండూ బాగానే వచ్చాయి. మర్నాడు వాళ్ల సైకాలజిస్టు ఒక కాగితం ముందు పెట్టి, గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమంది. వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మంది. 93, 86, 79 అని గడగడా చెప్పేస్తుంటే ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. ఐదు మాటలు చెప్పి, వేరే పనులు చేయించి, కాసేపటికి మళ్లీ అడిగింది. మూడే గుర్తొచ్చాయి. అక్కడ మాత్రం నా చేతులు చల్లబడ్డాయి. చూశావా, మా ఆయన అన్నదే నిజం అనుకున్నాను.

మొత్తం 30కి 28 వచ్చాయి. 26 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే మామూలే అన్నారు. ఆ తర్వాత డాక్టరు గారు అడిగిన ప్రశ్నలే నాకు పరీక్షకన్నా ఎక్కువ పనికొచ్చాయి.

"ఈ ఏడాది మీ కౌంటర్లో క్యాష్ తేడా ఎన్నిసార్లు వచ్చిందమ్మా?"

"రెండుసార్లండీ. ఒకసారి అయిదొందలు ఎక్కువ, ఒకసారి వంద తక్కువ."

"మరి మర్చిపోవడం ఎక్కడ?"

"ఇంట్లో."

"ఎవరితో మాట్లాడినవి?"

ఓచర్ తిప్పి చూసుకున్నాను. రాసుకున్న పద్నాలుగు సంగతులూ ఒక్కరితోనే. మా ఆయనతో.

ఆ పద్నాలుగింటిలో మొదటిది అమ్మ కంటి ఆపరేషన్. సంక్రాంతి వెళ్లిన వారానికి ఒక రాత్రి ఆయన భోంచేస్తున్నారు. గోంగూర పచ్చడి కలుపుకుని, ఉల్లిపాయ ముక్క కొరికి, అది ఘాటుగా ఉంటే మొహం చిట్లించి పళ్లెం అంచున పెట్టారు. "అమ్మకి శుక్లాల ఆపరేషన్‌కి ఇరవై వేలు పంపనా అండీ?" అన్నాను. "పంపు, అదో అడగాల్సిన విషయమా" అన్నారు. మర్నాడు పంపాను. నా జీతంలోంచే.

నెల తర్వాత పాస్‌బుక్ చూసి, "ఈ ఇరవై వేలేంటి?" అని అడిగారు. మీరే పంపమన్నారు కదా అంటే, కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. జాలిగా చూసి, "నేనెప్పుడన్నాను? ఆ రాత్రి నేను భోజనానికే ఇంట్లో లేను" అన్నారు. నేను ఉల్లిపాయ సంగతి చెప్పాను. "నీకు ఊహలు ఎక్కువయ్యాయి" అన్నారు. అత్తయ్యని అడిగితే, "ఏమో అమ్మాయ్, నేను టీవీ చూస్తున్నాను" అంది.

ఒక్కసారైతే పోనీ అనుకుంటాం. వారానికి రెండుసార్లు ఇదే. గ్యాస్ బుక్ చేశానన్నది ఆయనే, "నువ్వు చేస్తానన్నావు" అనేదీ ఆయనే. "మీ చెల్లెలి ఇంటికి వెళ్లి రా" అని పంపించి, తిరిగి వచ్చాక "చెప్పకుండా ఎక్కడికెళ్లావు" అనేవారు. కాదని వాదిస్తే గొంతు పెంచానని తప్పు పట్టేవారు. అప్పటికి అసలు విషయం పక్కకి పోయి, నా గొంతు గురించే పంచాయితీ నడిచేది. కొన్నాళ్లకి బంధువులకి కూడా "దీనికీమధ్య మతిమరుపు ఎక్కువైంది, పాపం" అని చెప్పడం మొదలుపెట్టారు. ఆడపడుచు ఫోన్ చేసి బాదంపప్పు నానబెట్టుకుని తినమంది.

చిత్రం ఏమిటంటే, కొన్నాళ్లకి నేను నిజంగానే మర్చిపోవడం మొదలైంది. తాళం వేశానో లేదో, పొయ్యి ఆర్పానో లేదో. తాళం కప్పకి రోజూ ఫొటో తీసుకుని బస్సెక్కేదాన్ని. బస్సులో ఆ ఫొటో మూడుసార్లు చూసుకునేదాన్ని. నిద్ర పోయింది. ఏడు కిలోలు తగ్గాను. డాక్టరు గారు దీన్ని నా భాషలోనే చెప్పారు. "ఖాతాలో జమ కానిది డ్రా చేయలేరు కదమ్మా. తాళం వేసేటప్పుడు మీ మనసు రాత్రి గొడవ మీద ఉంది. అది లోపల నమోదే కాలేదు. అది మతిమరుపు కాదు, టెన్షన్."

ఇంకొకటి కూడా ఆయన పట్టుకున్నారు. నిద్ర పట్టడం లేదని ఎప్పుడో రాయించుకున్న క్లోనజెపామ్ అరమిల్లీగ్రాము మాత్రని, అదే పాత చీటీ చూపించి ఐదు నెలలుగా మెడికల్ షాపులో తెచ్చుకుంటున్నాను. ఆ మాత్ర వేసుకున్నాక విన్న మాటలు కొన్ని మర్నాటికి నిలవకపోవచ్చట. అంటే రాత్రి తొమ్మిదిన్నర తర్వాత జరిగిన మాటల్లో నాకు నిజంగానే ఖాళీలు ఉన్నాయి. ఇది వినగానే మళ్లీ కుంగిపోయాను. తర్వాత ఓచర్ తీసి లెక్క చూసుకుంటే, పద్నాలుగింటిలో ఐదే మాత్ర వేసుకున్నాక జరిగినవి. ఉల్లిపాయ నాటికి ఆ మాత్ర మొహమే చూడలేదు. ఒక్కసారిగా మానేస్తే నిద్రలేమి, ఆందోళన తిరగబెడతాయని, ఫిట్స్ కూడా రావచ్చని చెప్పి, ఆరు వారాల్లో కొంచెం కొంచెంగా తగ్గించి మాన్పించారు.

డాక్టరు గారే సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ ఆందోళన, దానితోపాటు కుంగుబాటు అని రాసి ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టారు. వారం రోజులు ఐదు మిల్లీగ్రాములు, తర్వాత పది. మొదటివారం ఒకటే వికారం. మూడోవారానికి గానీ తెల్లవారుజామున గుండె దడదడ తగ్గలేదు. తొమ్మిది నెలలు వాడాను. గ్యాస్‌లైటింగ్ అన్న మాట ఆ చీటీలో ఎక్కడా లేదు, అది జబ్బు పేరు కాదు కాబట్టి. మా చెల్లెలే ఆ మాట చెప్పింది, ఎదుటిమనిషికి తన జ్ఞాపకం మీద తనకే అనుమానం పుట్టేలా చేయడాన్ని అలా అంటారట. ఈమధ్య ప్రతి చిన్న తగాదాకీ ఆ మాట వాడేస్తున్నారు, నాకది నచ్చదు. భార్యాభర్తలన్నాక ఒకే మాటని ఇద్దరూ రెండు రకాలుగా గుర్తుపెట్టుకోవడం ఏ ఇంట్లోనైనా ఉంటుంది.

తేడా ఎక్కడుందో నాకు కౌంటర్లోనే తెలిసింది. లెక్కలో పొరపాటైతే ఒకరోజు ఎక్కువ వస్తుంది, ఇంకోరోజు తక్కువ వస్తుంది. ప్రతిసారీ తక్కువే వస్తుంటే మేనేజరు దాన్ని పొరపాటు అనడు. మా ఇంట్లో జరిగిన తేడాలన్నీ ఆయనకి లాభంగానే, నాకు తప్పుగానే తేలేవి. "ఏమో, నేనే అన్నానేమో, గుర్తు లేదు" అన్న మాట ఆరేళ్ల కాపురంలో ఆయన నోట నేను వినలేదు.

కౌన్సెలింగ్‌లో నాకు నోటుబుక్ పెట్టమన్నారు. ఎడమ పేజీలో తేదీ, టైము, ఆయన అన్న మాట అన్నట్టుగా. కుడి పేజీలో నాకేమనిపించిందో. రెండూ కలపకూడదు. అదేరోజు రాయాలి, తర్వాత దిద్దకూడదు. మొదట్లో ఒక తెలివితక్కువ పని చేశాను. గెలుద్దామని ఆ పుస్తకం తీసుకెళ్లి ఆయనకే చూపించాను. "ఇది నువ్వు ఇప్పుడు కూర్చుని రాసుకున్నావు" అన్నారు. పైగా, "మొగుడి మీద డైరీ రాసే ఆడదాన్ని ఎక్కడైనా చూశారా" అని ఇంటిల్లిపాదికీ చూపించారు. రెండో పుస్తకం బ్యాంకులో నా సొరుగులో పెట్టాను. అది నాకోసమే, ఆయన్ని ఒప్పించడానికి కాదు అని కౌన్సెలర్ మొదటిరోజే చెప్పింది. నేనే వినలేదు.

మూడు నెలల్లో ఆ పుస్తకంలో 23 గొడవలు చేరాయి. వాటిలో బిల్లో, మెసేజో, మూడోమనిషో ఉండి సరిచూడగలిగినవి పదకొండు. రెండింటిలో నాదే తప్పు. కరెంటు బిల్లు కడతానన్నది నేనే, చెల్లి కొడుకు పుట్టినరోజు తేదీ పొరబడిందీ నేనే. తొమ్మిదింటిలో నా మాటే సరిగ్గా తేలింది. ఆ రెండు తప్పులూ నాకు భయం కలిగించలేదు. రెండువైపులా తేడా వచ్చేదే మామూలు లెక్క.

ఇద్దర్నీ కలిపి కౌన్సెలింగ్ చేయమని నేను అడిగితే, ఇంట్లో నోరు తెరవడానికి భయపడే మనిషిని, ఆ భయం పెట్టిన మనిషి పక్కనే కూర్చోబెట్టి మాట్లాడించడం మంచిది కాదని, ఇక్కడ చెప్పినదానికి ఇంటికెళ్లాక శిక్ష పడుతుందని కౌన్సెలర్ ఒప్పుకోలేదు. 2005 నాటి గృహహింస చట్టంలో కొట్టడం ఒక్కటే కాదు, మాటలతో, మానసికంగా పెట్టే బాధ కూడా హింసేనని, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చని చెప్పింది ఆవిడే. నేను కేసు పెట్టలేదు. నంబరు మాత్రం చెల్లెలి పేరుతో సేవ్ చేసుకున్నాను.

ఉల్లిపాయ సంగతి చివరికి చెల్లెలి ఫోన్లో దొరికింది. నా ఫోన్ నిండిపోతే నేను పాత మెసేజ్‌లు చెరిపేశాను, చెల్లెలు ఏదీ చెరపదు. ఒక ఆదివారం ఊరికే పాతవి వెనక్కి జరుపుతూ, "అక్కా, ఇది చూడు" అని ఫోన్ చేతికిచ్చింది. జనవరి, రాత్రి 9:14. నేను పంపిన మెసేజ్: "మీ బావ సరేనన్నారు. ఇప్పుడే అన్నం తింటూ చెప్పారు. రేపు పంపిస్తా. ఉల్లిపాయలు మాత్రం ఈసారి భలే ఘాటుగా ఉన్నాయే."

నేను దాన్ని ఆయనకి పంపలేదు. ఫొటో కూడా తీసుకోలేదు. చెల్లెలి మంచం మీద అలాగే పడుకుని, మాత్ర లేకుండా సాయంత్రం ఐదింటిదాకా నిద్రపోయాను.

ఇప్పుడు పిఠాపురంలో అమ్మ దగ్గర ఉంటున్నాను. రోజూ రైల్లో కాకినాడ వచ్చి వెళ్తాను. తాళం ఫొటోలు మానేయడానికి నాలుగు నెలలు పట్టింది. మొదట రోజుకొకటి, తర్వాత వారానికొకటి. మొన్న జూలైలో గొడుగు బ్యాంకులోనే వదిలేసి స్టేషన్ నుంచి తడుస్తూ వచ్చాను. వాకిట్లో అమ్మ, "అదేమిటే, గొడుగేదీ?" అంది.

"మర్చిపోయానమ్మా" అని తువ్వాలు అడిగాను.